ఆ పది రోజులు ఎక్కడికి పోయాయి? లీపు సంవత్సరం, క్యాలెండర్ సంస్కరణపై తరచుగా అడిగే ప్రశ్నలు

1582 అక్టోబర్ 4, గురువారం రాత్రి రోమ్‌లో పడుకున్నవాళ్లు తెల్లారి లేచేసరికి అక్టోబర్ 15, శుక్రవారం అయింది. వారాల వరుస తప్పలేదు, తేదీలు మాత్రం పది మాయమయ్యాయి. ఈ సంగతి చెప్పగానే ఎవరైనా వెంటనే అడిగే ప్రశ్నలు కొన్ని ఉంటాయి. వాటికి జవాబులు కింద ఉన్నాయి.

అసలు లీపు సంవత్సరం ఎందుకు? ఏడాదికి 365 రోజులు చాలవా?

చాలవు. భూమి తన చుట్టూ తాను తిరగడానికీ, సూర్యుడి చుట్టూ తిరగడానికీ మధ్య ఏ ఒప్పందమూ లేదు. ఒక వసంతం నుంచి మళ్లీ వసంతం వచ్చేసరికి 365 రోజుల 5 గంటల 48 నిమిషాల 45 సెకన్లు పడుతుంది. క్యాలెండర్‌కి మాత్రం పూర్తి రోజులే కావాలి. సగం రోజుకో, పావు రోజుకో తేదీ వేయలేం కదా.

ఆ మిగిలిన దాదాపు ఆరు గంటల చిల్లరను పట్టించుకోకపోతే ఏమవుతుందో చూడండి. నాలుగేళ్లకు ఒక రోజు, నలభై ఏళ్లకు పది రోజులు వెనకబడతాం. 120 ఏళ్లు గడిస్తే నెల రోజుల తేడా వస్తుంది. మన ముత్తాత మేలో చూసిన ఎండలు మనకు జూన్ తేదీల్లో వస్తాయి. ఇంకొన్ని తరాలు పోతే మే నెల చలికాలంలో పడుతుంది.

తేదీ రుతువును వదిలేసి తిరగడం ఎలా ఉంటుందో మనకు కొత్తేమీ కాదు. రంజాన్ ఒక్కోసారి మండుటెండల్లో, ఒక్కోసారి డిసెంబర్ చలిలో వస్తుంది. హిజ్రీ క్యాలెండర్ చంద్రుణ్ణి మాత్రమే అనుసరిస్తుంది. పన్నెండు చాంద్ర మాసాలు కలిపితే 354 రోజులే కాబట్టి దాదాపు 33 ఏళ్లలో రంజాన్ అన్ని రుతువులూ చుట్టి వస్తుంది. అది తెలిసి చేసుకున్న ఏర్పాటు. పంటనూ వాననూ తేదీతో ముడిపెట్టాలనుకునేవాళ్లకు మాత్రం ఆ చిల్లర గంటల లెక్క తేలాలి.

ఆ అదనపు రోజు ఫిబ్రవరిలోనే ఎందుకు?

పాత రోమన్ లెక్కలో ఏడాది మార్చితో మొదలై ఫిబ్రవరితో ముగిసేది. సెప్టెంబర్, అక్టోబర్, నవంబర్, డిసెంబర్ పేర్లలో లాటిన్ ఏడు, ఎనిమిది, తొమ్మిది, పది ఇప్పటికీ కనిపిస్తాయి. లెక్క సరిచేసేది ఏడాది చివర్లో కాబట్టి ఆ పని ఫిబ్రవరికి పడింది. ఆ తర్వాత కొత్త సంవత్సరం జనవరికి మారినా ఈ అలవాటు పోలేదు.

ఇంకో తమాషా ఏమిటంటే, రోమన్లు కలిపింది ఫిబ్రవరి 29 కాదు. వాళ్లు ఫిబ్రవరి 24నే రెండుసార్లు లెక్కపెట్టేవారు.

దీన్ని మొదలుపెట్టింది జూలియస్ సీజరేనా?

నాలుగేళ్లకొకసారి అనే నియమాన్ని రోమన్ లోకంలో అమల్లో పెట్టింది ఆయనే. లెక్క చేసి ఇచ్చింది అలెగ్జాండ్రియాకు చెందిన సొసిజెనీస్ అనే ఖగోళవేత్త.

అంతకుముందు రోమన్ ఏడాదికి 355 రోజులు. తగ్గిన రోజుల కోసం అప్పుడప్పుడు ఒక అదనపు నెల కలపాలి. ఎప్పుడు కలపాలో నిర్ణయించేది మతాధికారులు. వాళ్లు రాజకీయాల్లోనూ ఉన్నవాళ్లే. తమవాడు పదవిలో ఉంటే ఏడాదిని సాగదీయడం, పడనివాడు ఉంటే నెల కలపకుండా వదిలేయడం జరిగేది. సీజర్ కాలానికి క్యాలెండర్ రుతువుల నుంచి దాదాపు మూడు నెలలు జారిపోయింది.

ఆ బకాయిని ఆయన ఒకే ఏడాదిలో తీర్చేశాడు. క్రీస్తుపూర్వం 46కి మామూలు 355 రోజులకు తోడు ఫిబ్రవరిలో 23 రోజులు, నవంబర్ డిసెంబర్ల మధ్య 67 రోజులు కలిపాడు. మొత్తం 445 రోజులు. చరిత్రలో దానికి గందరగోళపు సంవత్సరం అని పేరు. ఆ మరుసటి జనవరి 1 నుంచి కొత్త పద్ధతి మొదలైంది.

ఇంత చేసినా మొదట్లోనే తప్పు పడింది. సీజర్ హత్య తర్వాత, నాలుగో ఏట కలపమంటే మతాధికారులు మూడేళ్లకే కలుపుతూ పోయారు. రోమన్లు లెక్కపెట్టేటప్పుడు మొదటిదాన్నీ కలిపే లెక్కిస్తారు. పొరపాటు అక్కడే జరిగింది. 36 ఏళ్లలో 9 లీపు రోజులకు బదులు 12 పడ్డాయి. అగస్టస్ చక్రవర్తి కొన్నేళ్లపాటు లీపు రోజులు ఆపించి ఆ మూడింటినీ సర్దాడు.

మరి లెక్క సరిపోయింది కదా, 1582లో మళ్లీ ఎందుకు మార్చారు?

సీజర్ ఏడాది సగటున 365 రోజుల 6 గంటలు. అసలైనది 5 గంటల 48 నిమిషాల 45 సెకన్లు. అంటే ఏటా 11 నిమిషాల 15 సెకన్లు ఎక్కువ కలుపుతున్నాం. ఇంతకుముందు తక్కువ కలిపి వెనకబడితే, ఇప్పుడు ఎక్కువ కలిపి అటువైపు జారుతున్నామన్నమాట.

ఏడాదికి పదకొండు నిమిషాలంటే ఏ మనిషికీ తన జీవితకాలంలో తెలిసే తేడా కాదు. 128 ఏళ్లకు గానీ అది ఒక రోజు కాదు. అందుకే అంతకాలం సాగిపోయింది.

మరి ఎవరికి తెలిసింది? పోప్‌కి క్యాలెండర్‌తో పనేమిటి?

ఈస్టర్ వల్ల. ఈస్టర్‌కి స్థిరమైన తేదీ లేదు. వసంత విషువత్తు, అంటే పగలూ రాత్రీ సమానమయ్యే రోజు, ఆ రోజున గానీ ఆ తర్వాత గానీ వచ్చే మొదటి పౌర్ణమి దాటాక వచ్చే ఆదివారమే ఈస్టర్. క్రీస్తుశకం 325లో నైసియాలో చర్చి పెద్దల సభ జరిగింది. ఆ రోజుల్లో విషువత్తు మార్చి 21 ప్రాంతంలో పడేది కాబట్టి చర్చి లెక్కల్లో మార్చి 21 అనే స్థిరపడింది.

ఆకాశం ఆ లెక్కను పట్టించుకోదు కదా. 16వ శతాబ్దానికి నిజమైన విషువత్తు మార్చి 11కి వచ్చేసింది, చర్చి మాత్రం మార్చి 21 దగ్గరే కూర్చుంది. మధ్యలో ఒక పౌర్ణమి పడిందంటే ఈస్టర్ నెల రోజులు ఆలస్యం. పౌర్ణమిని లెక్కగట్టే పట్టికలు కూడా అప్పటికి నాలుగు రోజులు తప్పాయి. రాత్రి తలెత్తితే నిండు చంద్రుడు, పట్టికలో మాత్రం పౌర్ణమికి ఇంకా నాలుగు రోజులు. 13వ శతాబ్దంలోనే రోజర్ బేకన్ ఇది సిగ్గుచేటని పోప్‌కి రాశాడు. పని జరగడానికి ఇంకో మూడు వందల ఏళ్లు పట్టింది.

పది రోజుల తేడా అని ఎలా కొలిచారు? అప్పట్లో టెలిస్కోప్ కూడా లేదు కదా?

దీనికి టెలిస్కోప్ అక్కర్లేదు, ఎండ చాలు. వాటికన్‌లో పవనాల గోపురం అని ఒకటుంది. అందులో ఇగ్నాజియో దాంతి అనే పండితుడు గోడకు చిన్న రంధ్రం పెట్టి, నేలమీద ఉత్తర దక్షిణాలుగా గీత గీయించాడు. మధ్యాహ్నం ఎండ ఆ రంధ్రంలోంచి వచ్చి గీతమీద పడుతుంది. ఆ వెలుగు చుక్క ఏడాది పొడవునా గీతమీద అటూ ఇటూ నడుస్తుంది. విషువత్తు గుర్తు దగ్గరికి అది మార్చి 21న రావాలి, పది రోజుల ముందే వచ్చేస్తోంది.

ఇదే పని విజయవాడలో మీ డాబామీద మీరూ చేయొచ్చు. మీటరు పొడవు కర్రను నిట్టనిలువుగా పెట్టి, నీడ అన్నిటికంటే పొట్టిగా ఉన్నప్పుడు కొలవండి. విషువత్తు రోజున అది సుమారు 30 సెంటీమీటర్లు ఉంటుంది. పది రోజుల ముందు కొలిస్తే 37 దాకా వస్తుంది. ఆ రోజుల్లో నీడ రోజుకు ముప్పావు సెంటీమీటరు చొప్పున తగ్గుతుంది. అంటే ఒక రోజు తేడా పట్టుకోవడం కష్టం, పది రోజుల తేడా దాచడం అంతకన్నా కష్టం. ఒక జాగ్రత్త: గడియారంలో 12 కొట్టినప్పుడు కొలిస్తే తప్పు వస్తుంది. మన గడియారం దేశమంతటికీ ఒక్కటే, సూర్యుడు నడినెత్తి గీతను దాటే సమయం మాత్రం ఊరికొకటి.

1582లో సరిగ్గా ఏం చేశారు?

రెండు వేర్వేరు పనులు చేశారు. చాలామంది వీటిని కలిపేసి తికమక పడతారు. ఒకటి పాత బకాయి తీర్చడం, రెండోది మళ్లీ బకాయి పడకుండా చూడటం.

బకాయి లెక్క ఇది. నైసియా సభ నుంచి 1582 వరకు 1257 ఏళ్లు. ఏడాదికి 11.25 నిమిషాల చొప్పున సుమారు 14,140 నిమిషాలు. రోజుకు 1440 నిమిషాలు కాబట్టి భాగిస్తే 9.8 వస్తుంది. అదే పది రోజులు. సీజర్ ఎక్కడి నుంచి మొదలుపెట్టాడో అక్కడి నుంచి కాకుండా నైసియా నుంచి లెక్కపెట్టారని గమనించండి. వాళ్లకు కావలసింది సీజర్ నాటి తేదీలు కావు, ఈస్టర్ నియమం నాటి తేదీలు.

రెండో పని నియమం మార్చడం. 128 ఏళ్లకు ఒక రోజు ఎక్కువవుతోందంటే 400 ఏళ్లకు దాదాపు మూడు రోజులు. కాబట్టి ప్రతి 400 ఏళ్లలో మూడు లీపు రోజులు తీసేస్తే సరి. ఏవి తీయాలి? జనం మరిచిపోకుండా ఉండాలంటే శతాబ్దపు ఏళ్లే సులువు. 100తో భాగించబడే ఏడాది లీపు కాదు, 400తో భాగించబడితే మాత్రం లీపే. 1600, 2000 లీపు సంవత్సరాలు. 1700, 1800, 1900 కావు.

ఈ ఉపాయం అలోయిసియస్ లిలియస్‌ది. దక్షిణ ఇటలీలోని కలబ్రియాకు చెందిన వైద్యుడాయన. 1576లోనే చనిపోయాడు. ఆయన రాతప్రతిని సోదరుడు ఆంటోనియో రోమ్‌లో పోప్ వేసిన క్యాలెండర్ సంఘం ముందు పెట్టాడు. దాన్ని పరీక్షించి, ఆ తర్వాత వచ్చిన విమర్శలన్నిటికీ ఏళ్ల తరబడి జవాబులు రాసింది క్రిస్టఫర్ క్లావియస్ అనే జెసూట్ గణితవేత్త. 1582 ఫిబ్రవరి 24న పోప్ గ్రెగరీ 13 ఆజ్ఞాపత్రం ఇచ్చాడు. పేరు మాత్రం పోప్‌కే దక్కింది.

పది రోజులు ఒకేసారి ఎందుకు కోశారు? మెల్లగా తగ్గించొచ్చు కదా?

ఆ ఆలోచనా వచ్చింది. నలభై ఏళ్లపాటు లీపు రోజులు కలపకుండా ఉంటే పది రోజులూ నొప్పి తెలియకుండా తగ్గుతాయి. కానీ ఆ నలభై ఏళ్లూ ఏ తేదీ పాతదానికీ కొత్తదానికీ సరిపోదు. పైగా మధ్యలో ఒక్కసారి ఎవరైనా మరిచిపోతే అంతే సంగతులు.

ఇదేదో ఊహించి చెప్పేది కాదు, స్వీడన్‌లో జరిగింది. 1700 నుంచి 1740 దాకా లీపు రోజులు వదిలేయాలని వాళ్లు నిర్ణయించుకున్నారు. 1700లో వదిలేశారు. ఈలోగా పెద్ద యుద్ధం వచ్చిపడింది. 1704లో, 1708లో లీపు రోజులు మామూలుగా కలిసిపోయాయి. స్వీడన్ తేదీ ఇప్పుడు పాత క్యాలెండర్‌కి ఒక రోజు ముందు, కొత్తదానికి పది రోజుల వెనక, ప్రపంచంలో ఎవరితోనూ కలవని చోట ఇరుక్కుంది. విసిగిపోయి పాతదానికే తిరిగి వెళదామనుకున్నారు. పోగొట్టుకున్న ఒక రోజును తిరిగి తెచ్చుకోవడానికి 1712లో ఫిబ్రవరికి 30 రోజులు వేశారు. అవును, ఫిబ్రవరి 30. చివరకు 1753లో ఫిబ్రవరి 17 తర్వాత మార్చి 1 రాసుకుని ఒక్క దెబ్బతో పని ముగించారు.

ఆ పది రోజుల అద్దెలు, వడ్డీల సంగతేమిటి?

ఇది అడగవలసిన ప్రశ్నే. ఆజ్ఞాపత్రంలోనే దీనికి ఏర్పాటు ఉంది. నెలవారీ, ఏడాదివారీ చెల్లింపుల్లో ఎవరికీ నష్టం రాకుండా వివాదం వస్తే న్యాయాధికారులు ఆ పది రోజులూ లెక్కలోకి తీసుకోవాలన్నారు. అక్టోబర్‌ను ఎంచుకోవడం వెనకా కారణం ఉంది. ఆ పది రోజుల్లో చర్చి పండుగలు తక్కువ.

అవిలాకు చెందిన సెయింట్ తెరెసా స్పెయిన్‌లో కన్నుమూసింది సరిగ్గా ఆ అక్టోబర్ 4 రాత్రి. మరుసటి రోజు అంత్యక్రియలు. తేదీ మాత్రం అక్టోబర్ 15. ఆమె పండుగను ఇప్పటికీ ఆ రోజే జరుపుతారు.

అన్ని దేశాలూ వెంటనే ఒప్పుకున్నాయా?

లేదు. ఇటలీలో చాలా భాగం, స్పెయిన్, పోర్చుగల్, పోలండ్ అదే రోజు మారాయి. ఫ్రాన్స్ ఆ డిసెంబర్‌లో మారింది. ప్రొటెస్టెంట్ దేశాలకు లెక్క తప్పని అనిపించలేదు, చెప్పినవాడు పోప్ కావడమే నచ్చలేదు. ఇంగ్లండ్ 170 ఏళ్లు ఆగింది.

దీనివల్ల వచ్చే తికమక మన మచిలీపట్నంలోనే కనిపిస్తుంది. 17వ శతాబ్దంలో అక్కడ డచ్చివాళ్లకూ, ఇంగ్లీషువాళ్లకూ వర్తక స్థావరాలు ఉండేవి. హాలండ్ కొత్త క్యాలెండర్‌కి ముందే మారింది, ఇంగ్లండ్ మారలేదు. పైగా ఇంగ్లండ్‌లో కొత్త సంవత్సరం మార్చి 25న మొదలయ్యేది. కాబట్టి ఒకే రేవులో, ఒకే రోజున ఉత్తరం రాస్తే ఇంగ్లీషువాడు 1642 మార్చి 10 అని వేస్తాడు, డచ్చివాడు 1643 మార్చి 20 అని వేస్తాడు. రోజులూ కలవవు, సంవత్సరమూ కలవదు. ఆ కాలపు రికార్డులు చదివేవాళ్లు మొదట చూసుకోవలసింది ఏ దేశపువాడు రాశాడన్నదే. లేదంటే ఓడ బయల్దేరకముందే రేవుకు చేరినట్టు లెక్క తేలుతుంది!

ఇంగ్లండ్ చివరకు 1752లో మారింది. సెప్టెంబర్ 2 బుధవారం, మర్నాడు సెప్టెంబర్ 14 గురువారం. చట్టంలో ఆసియాలోని బ్రిటిష్ అధీన ప్రాంతాల ప్రస్తావనా ఉంది. కొత్త సంవత్సరాన్ని కూడా జనవరి 1కి మార్చారు. దాంతో ఇంగ్లండ్‌లో 1751 మార్చి 25న మొదలై డిసెంబర్ 31నే అయిపోయింది. మొత్తం 282 రోజులు.

రష్యా 1918లో జనవరి 31 తర్వాత ఫిబ్రవరి 14 వేసుకుంది. వాళ్ల అక్టోబర్ విప్లవం వార్షికోత్సవం నవంబర్ 7న రావడానికి కారణం ఇదే. గ్రీస్ 1923లో మారింది.

ఇటలీ వాళ్లు 10, ఇంగ్లండ్ 11, రష్యా 13. ఎందుకీ తేడా?

ఆలస్యానికి పడిన వడ్డీ అనుకోండి. 1700 పాత లెక్కలో లీపు, కొత్త లెక్కలో కాదు. అది దాటిన వాళ్లకు ఒక రోజు పెరిగింది. రష్యా 1700, 1800, 1900 మూడూ దాటింది. 1600 దగ్గర తేడా పెరగలేదు, ఎందుకంటే అది రెండు లెక్కల్లోనూ లీపే. 2100 ఫిబ్రవరి దాటితే ఈ తేడా 14 అవుతుంది. ఇప్పటికీ పాత లెక్కలో క్రిస్మస్ చేసుకునే చర్చిలకు జనవరి 7 కాస్తా జనవరి 8 అవుతుంది.

"మా పదకొండు రోజులు మాకివ్వండి" అని ఇంగ్లండ్‌లో అల్లర్లు జరిగాయట కదా?

ఈ కథ పాఠాల్లో, క్విజ్‌ల్లో ఇంకా తిరుగుతూనే ఉంది. విలియం హోగార్త్ 1755లో వేసిన ఒక ఎన్నికల వ్యంగ్య చిత్రంలో నేలమీద పడి ఉన్న బోర్డుమీద ఆ నినాదం కనిపిస్తుంది. దాన్ని చూసి తర్వాతివాళ్లు నిజంగానే అల్లర్లు జరిగాయని రాసుకున్నారు. చరిత్రకారులు వెతికితే అలాంటి అల్లర్లకు ఆధారాలు దొరకలేదు. జనం సణుక్కుని ఉంటారు, పాత క్రిస్మస్‌నే పట్టుకున్నవాళ్లూ ఉన్నారు. వీధుల్లో రాళ్లు రువ్వుకున్నారనేది మాత్రం నమ్మక్కర్లేదు.

ఫిబ్రవరి 29న పుట్టినవాళ్లకు నాలుగేళ్లకొకసారే పుట్టినరోజా?

సాధారణంగా అంతే. శతాబ్దం దగ్గర ఎనిమిదేళ్లు కూడా ఆగాలి. మొరార్జీ దేశాయ్ 1896 ఫిబ్రవరి 29న పుట్టారు. 1900 లీపు కాదు కాబట్టి ఆయనకు మొదటి ఫిబ్రవరి 29 వచ్చింది 1904లో, ఎనిమిదేళ్లు నిండాక. అలాగే 2096 ఫిబ్రవరి 29న పుట్టే పిల్లలు 2104 దాకా ఆగాలి. ఈ రోజుల్లో పుట్టిన పాపాయిల్లో చాలామంది 2100ను చూస్తారు, అప్పటిదాకా "నాలుగుతో భాగిస్తే లీపు" అన్న లెక్క వాళ్లను ఒక్కసారి కూడా మోసం చేయదు. మోసం చేసేది ఆ ఏడాదే.

కంప్యూటర్లు ఈ లెక్క సరిగ్గానే చేస్తాయా?

నియమం ఒక్క వరుసలో పడుతుంది. పైథాన్‌లో ఇలా రాస్తారు:

```
leap = y % 4 == 0 and (y % 100 != 0 or y % 400 == 0)
```

అయినా తప్పులు జరిగాయి. ఎక్సెల్‌లో ఒక గడిలో `60` టైప్ చేసి దాన్ని తేదీగా మార్చి చూడండి. మామూలు సెట్టింగుల్లో 1900 ఫిబ్రవరి 29 అని చూపిస్తుంది. అలాంటి రోజు లేనే లేదు. అంతకుముందున్న లోటస్ 1-2-3 అనే ప్రోగ్రామ్‌లో ఈ పొరపాటు ఉంది. ఆ ఫైళ్లు ఇందులోనూ సరిగ్గా తెరుచుకోవాలని తెలిసే అలాగే ఉంచారు. 1900 మార్చి 1 నుంచి వచ్చే తేదీలకు దీనివల్ల ఇబ్బంది రాదు. జనవరి, ఫిబ్రవరి 1900 తేదీలకు వారం పేరు తప్పు వస్తుంది.

లినక్స్ ఉన్నవాళ్లు టెర్మినల్‌లో `cal 9 1752` కొట్టి చూస్తే చాలా వ్యవస్థల్లో 2 తర్వాత నేరుగా 14 కనిపిస్తుంది. బగ్ అనుకుని టెన్షన్ పడకండి. పైన చెప్పిన ఇంగ్లండ్ చట్టమే అది. పాత తేదీలతో పనిచేసేటప్పుడు మాత్రం ఆ సాఫ్ట్‌వేర్ 1582ను హద్దుగా తీసుకుంటోందా, 1752నా, అసలు ఏ హద్దూ లేకుండా కొత్త నియమాన్నే వెనక్కి సాగదీస్తోందా అని చూసుకోవాలి. మూడు పద్ధతులూ వాడకంలో ఉన్నాయి.

ఇప్పుడున్న లెక్కలో తప్పు లేనట్టేనా?

కొంచెం ఉంది. 400 ఏళ్లలో 97 లీపు రోజులంటే ఏడాది సగటు 365.2425 రోజులు. అసలైనది 365.2422. ఏటా సుమారు 27 సెకన్ల తేడా, ఒక రోజు కావడానికి 3200 ఏళ్లు పడుతుంది. అంతలోగా భూమి తిరిగే వేగమే కొద్దికొద్దిగా తగ్గుతూ ఉంటుంది కాబట్టి ఇప్పుడే ఇంకో నియమం తగిలించడంలో నాకైతే అర్థం కనిపించదు.

మరి మన సంక్రాంతి ఎందుకు జారుతోంది? జనవరి 14 పోయి 15 వస్తోందేం?

ఇక్కడ జారేది క్యాలెండర్ కాదు, సంక్రాంతే. గ్రెగరీ క్యాలెండర్ రుతువును పట్టుకుంటుంది, మన పంచాంగం నక్షత్రాలను పట్టుకుంటుంది. సూర్యుడు మళ్లీ అదే నక్షత్రం దగ్గరికి రావడానికి రుతువుల ఏడాది కంటే 20 నిమిషాలు ఎక్కువ పడుతుంది, ఎందుకంటే బొంగరం తల ఊపినట్టు భూమి అక్షం కూడా చాలా నెమ్మదిగా తిరుగుతుంది. ఆ 20 నిమిషాలు 60, 70 ఏళ్లలో ఒక రోజు అవుతాయి. స్వామి వివేకానంద పుట్టింది 1863 జనవరి 12న, ఆ రోజు మకర సంక్రాంతి. ఇప్పుడు అది 14, 15 తేదీల మధ్య ఊగుతోంది. ఏటా ఆరు గంటలు ముందుకు జరిగి, లీపు రోజు రాగానే వెనక్కి వస్తుంది కాబట్టి ఒక ఏడాది 14, ఒక ఏడాది 15 అవుతుంది.

అధిక మాసం వేరే సంగతి. అది చంద్రుడి నెలలకూ సూర్యుడి ఏడాదికీ మధ్య ఏటా వచ్చే 11 రోజుల తేడాను సర్దడానికి, సుమారు 32 నెలలకొకసారి వచ్చేది. దానివల్ల ఉగాది వసంతాన్ని వదిలి దూరం పోదు. నక్షత్రాల 20 నిమిషాల తేడాను మాత్రం అధిక మాసం సర్దలేదు.

దాన్ని సర్దాలని మన దేశంలో ఒక ప్రయత్నం జరిగింది. 1952లో మేఘనాద్ సాహా అధ్యక్షతన సంఘం వేశారు. సౌరమానపు ఉగాది విషువత్తు రోజు నుంచి జారి జారి ఏప్రిల్ 14 దగ్గరికి వచ్చేసిందని, అప్పటికే 23 రోజుల తేడా పేరుకుందని ఆ సంఘం చెప్పింది. వాళ్లు తయారుచేసిన జాతీయ క్యాలెండర్ 1957 మార్చి 22న, శక సంవత్సరం 1879 చైత్రం 1తో మొదలైంది. దాని లీపు నియమం గ్రెగరీదే. శక సంవత్సరానికి 78 కలిపి చూడాలి, వచ్చిన ఏడాది లీపు అయితే చైత్రానికి 30కి బదులు 31 రోజులు, కొత్త సంవత్సరం మార్చి 21న. పండుగలు మాత్రం పాత లెక్కలోనే నడుస్తున్నాయి. ఆ క్యాలెండర్ తేదీ ఇప్పుడు కనిపించేది ఎక్కువగా భారత ప్రభుత్వ గెజిట్ మొదటి పేజీ మీదే.